గుడ్డు తాజాదా పాతదా: నీళ్ల పరీక్ష సరిగ్గా చేయడం, సరిగ్గా చదవడం

నీళ్లలో వేసిన గుడ్డు మునిగితే మంచిది, తేలితే చెడ్డది. ఈ మాట తెలియని వంటిల్లు ఉండదు. కానీ చేతిలో నాలుగు గుడ్లు పట్టుకుని నిజంగా నీళ్లలో వేసి చూస్తే, ఆ మాట సగమే పనికొస్తుంది. ఒకటి అడుగున పడుకుంటుంది. ఇంకొకటి అడుగునే ఉంటూ ఒక కొన పైకెత్తుతుంది. మరొకటి నిటారుగా నిలబడి, పట్టు దొరకనట్టు ఊగుతుంది. ఒకటి తేలుతుంది. అది కుళ్లిపోయిందా, ఎండిందా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. ఈ పరీక్ష ఏం కొలుస్తుందో, ఏం కొలవదో తెలిస్తే గుడ్డు చేసే ఒక్కో కదలికకూ అర్థం దొరుకుతుంది. అది తెలియకపోతే మంచి గుడ్లు పారేస్తాం, అంతకన్నా ప్రమాదంగా, చెడ్డ గుడ్డును నమ్ముతాం.

## గుడ్డు ఎందుకు తేలికవుతుంది

తాజా గుడ్డు నీళ్లకన్నా కొంచెమే బరువు. లోపలి తెల్లసొన, పచ్చసొన నీళ్లకన్నా కాస్త బరువైనవి. పెంకు మాత్రం సున్నపురాయి జాతి పదార్థం, నీళ్లకు రెండింతలకు పైగా సాంద్రత కలది. అన్నీ కలిపి చూస్తే, అప్పుడే పెట్టిన గుడ్డు సాంద్రత సుమారు 1.085 ఉంటుంది. నీళ్లది 1. మునగడానికీ తేలడానికీ మధ్య ఉన్న తేడా అంతే, నూటికి ఎనిమిది పాళ్లు.

ఆ తేడా రోజురోజుకీ కరుగుతుంది. పెంకు చూడటానికి గట్టి గోడలా ఉన్నా, దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. లోపలి నీరు ఆవిరై వాటిలోంచి బయటికి పోతుంది, పోయినంత చోటులోకి గాలి వస్తుంది. పెంకు కుంచించుకుపోదు కాబట్టి గుడ్డు పరిమాణం మారదు. అంటే గుడ్డు ఆక్రమించే చోటు అంతే ఉంటుంది, బరువు మాత్రం తగ్గుతుంది.

వచ్చిన గాలి గుడ్డంతా పరుచుకోదు. కోడి ఒంట్లో ఉన్నప్పుడు గుడ్డు వేడి సుమారు 41 డిగ్రీలు. బయటపడి చల్లారగానే లోపలి పదార్థం కుంచించుకుంటుంది, పెంకును అంటిపెట్టుకుని ఉన్న రెండు పొరలు వెడల్పు కొన దగ్గర విడిపోతాయి. ఆ సందులో చిన్న గాలిగది ఏర్పడుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచినప్పుడు ఒక చివర కనిపించే సొట్ట అదే. నీరు ఆరేకొద్దీ ఆ గది పెద్దదవుతుంది. గాలి ఒకే చివర చేరుతుంది కాబట్టి నీళ్లలో ఆ చివర పైకి లేస్తుంది, సన్నని కొన కిందికి వాలుతుంది. వాలడం, నిలబడడం, తేలడం మూడూ ఈ ఒక్క మార్పు మెట్లే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. కుళ్లినప్పుడు లోపల వాయువు పుడుతుంది, అందుకే గుడ్డు తేలుతుందని చాలామంది చెబుతారు. సొనలోంచి పుట్టిన వాయువు లోపలే ఉంటే గుడ్డు మొత్తం బరువు మారదు, పరిమాణమూ మారదు. అలాంటప్పుడు తేలడానికి కారణమే లేదు. బరువు తగ్గాలంటే ఏదో ఒకటి పెంకు దాటి బయటికి పోవాలి, అలా పోయేది ఎక్కువగా నీటి ఆవిరి. కాబట్టి తేలిన గుడ్డు చెప్పే మాట ఒకటే: నాలోంచి చాలా నీరు ఆరిపోయింది. కుళ్లిందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు వేరేచోట వెతకాలి.

## నీళ్లు, గిన్నె

పంపు నీళ్లు చాలు. ఉప్పు మాత్రం వేయకండి. ఉప్పు నీళ్ల సాంద్రతను పెంచుతుంది. నూటికి పది పాళ్లు ఉప్పు కలిపిన నీళ్ల సాంద్రత 1.07 దాకా పోతుంది, అందులో కాస్త వయసున్న మంచి గుడ్డు కూడా తేలిపోతుంది. పెంకు మందాన్ని అంచనా కట్టేవాళ్లు వేర్వేరు మోతాదుల ఉప్పునీళ్లలో గుడ్లను వరసగా ముంచి చూస్తారు. అది వేరే పని కోసం పెట్టుకున్న వేరే కొలత. దాన్ని చూసి ఇంట్లో చిటికెడు ఉప్పు వేసేవాళ్లున్నారు. తాజాదనం చూడటానికి అది అడ్డమే.

నీళ్ల వేడి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ ఈ పరీక్షలో గుడ్డుకు హాని జరిగితే ఇక్కడే జరుగుతుంది. వెచ్చని గుడ్డును చల్లని నీళ్లలో పెడితే లోపలి పదార్థం కుంచించుకుని, రంధ్రాల గుండా బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పెంకు మీదున్న మురికి, సూక్ష్మజీవులు ఆ నీటితోపాటే లోపలికి పోతాయి. అందుకే నీళ్లు ఎప్పుడూ గుడ్డుకన్నా కొంచెం వెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డయితే మామూలు పంపు నీళ్లే దానికి వెచ్చన. బయట పెట్టిన గుడ్డయితే చేయి పెడితే గోరువెచ్చగా తగిలే నీళ్లు తీసుకోండి. వేడి నీళ్లు వద్దు.

గిన్నె విషయంలో రెండు సంగతులు చూడాలి. మొదటిది లోతు. గుడ్డు నిలువునా లేచినా దానిపైన మరో గుడ్డంత నీళ్లు మిగలాలి, అంటే సుమారు 12 సెంటీమీటర్లు. నీళ్లు తక్కువైతే నిలబడిన గుడ్డు పైకొన నీటి అంచును తాకుతుంది, అది నిలబడిందో తేలిందో తేల్చలేం. రెండోది అడుగు. అడుగు చదునుగా, గుడ్డు అడ్డంగా పడుకునేంత వెడల్పుగా ఉండాలి. సన్నని గ్లాసులో వేస్తే తాజా గుడ్డు కూడా గోడకు ఆనుకుని నిలబడినట్టు కనిపిస్తుంది. గుండ్రటి అడుగున్న గిన్నెలో గుడ్డు దొర్లి ఎటో ఒకవైపు వాలుతుంది. పక్కనుంచి కనిపించే గాజు గిన్నె ఉంటే అదే అన్నిటికన్నా మంచిది.

## గుడ్డును దించడం

ముందు గుడ్డును వెలుగులో తిప్పి చూడండి. గీతలాంటి పగులు కనిపిస్తే దాన్ని నీళ్లలో వేయకండి. పగులులోంచి నీరు లోపలికి పోతే పరీక్ష ఫలితం తప్పు, గుడ్డుకూ చేటు. పెంకు మీద మురికి అంటుకుని ఉంటే ముందు పొడిగుడ్డతో తుడవండి.

గుడ్డును పైనుంచి వదలకూడదు. గరిటెలో పెట్టి నీటి అడుగుదాకా దించి, గరిటెను మెల్లగా పక్కకు లాగండి. ఒక్కో గుడ్డునే వేయండి. నాలుగైదు కలిపి వేస్తే ఒకదానికొకటి ఆనుకుని, పడుకోవలసినవి నిలబడతాయి. పెంకుకు బుడగలు అంటుకుంటే వేలితో తుడిచేయండి. నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు గాలిగదిలోని గాలి వ్యాకోచించి రంధ్రాల్లోంచి అక్కడక్కడా చిన్న బుడగలు రావడం మామూలే. ఒకేచోట నుంచి, ఒక గీత వెంట బుడగలు వరసకట్టి వస్తుంటే అక్కడ కంటికి దొరకని పగులుంది. ఆ గుడ్డును తీసి పక్కన పెట్టండి.

నీళ్లు నిలకడకు రావడానికి పదిహేను సెకన్లు ఆగండి. తర్వాత వేలితో గుడ్డును ఒకసారి పక్కకు నెట్టి వదిలేయండి. గుడ్డు మొదట ఎలా పడిందన్నది లెక్కలోకి తీసుకోకండి. నెట్టాక ఏ భంగిమకు తిరిగి వస్తుందో అదే దాని అసలు స్థితి.

## భంగిమ చదవడం

అడుగున అడ్డంగా పడుకుని, కొన ఎత్తినా మళ్లీ పడుకునే గుడ్డులో గాలిగది చాలా చిన్నది. అది ఎక్కువ నీరు కోల్పోలేదు. గుడ్డు రూపం చెదరకుండా వండాలంటే, అంటే నీళ్లలో పగలగొట్టి ఉడికించాలన్నా పచ్చసొన నిలిచేలా పెనం మీద వేయాలన్నా, ఇలాంటిదే కావాలి. దీని తెల్లసొన ఇంకా చిక్కగా ఉంటుంది.

అడుగుకు ఆనుకునే ఉండి వెడల్పు కొనను పైకెత్తే గుడ్లు ఇళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. నేల నుంచి కాస్త లేచినది ఒక మెట్టు, సగం వాలుగా లేచినది ఇంకో మెట్టు. ఇవి మంచి గుడ్లు, మామూలు వంటకు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఉడికించి ఒలవడానికి అడ్డంగా పడుకున్న వాటికన్నా ఇవే నయం. వయసు పెరిగేకొద్దీ తెల్లసొనలోని బొగ్గుపులుసు వాయువు రంధ్రాల గుండా బయటికి పోయి సొన క్షారగుణం పెరుగుతుంది, అప్పుడు అది లోపలి పొరను గట్టిగా పట్టుకోదు. మరీ తాజా గుడ్డును ఉడికించి ఒలిస్తే సగం తెల్లసొన పెంకుతో ఊడి రావడానికి కారణం ఇదే.

సన్నని కొన అడుగును తాకుతూ, వెడల్పు కొన నేరుగా పైకి చూస్తూ నిలబడే గుడ్డు తేలడానికి దగ్గరపడింది. వేలితో నెడితే బొంగరంలా ఊగి మళ్లీ నిలబడుతుంది. దీన్ని దాచకండి. ఆ రోజే పగలగొట్టి, వాసన చూసి, బాగా ఉడికేలా వండేయండి.

తేలిన గుడ్డు విషయంలో ఎంత భాగం పైకి కనిపిస్తోందో కూడా చూడాలి. నీటి అంచుకు తగిలీ తగలక, వేలితో నొక్కితే మెల్లగా మునిగి మళ్లీ మెల్లగా పైకొచ్చే గుడ్డు ఇప్పుడిప్పుడే గీత దాటింది. వెడల్పు కొన రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా పొడిగా పైకి కనిపిస్తే, అది గీత దాటాక కూడా దాదాపు మరో గ్రాము నీరు కోల్పోయిందని లెక్క. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ఎప్పుడైనా సన్నని కొన పైకి లేస్తే కంగారు పడక్కర్లేదు. గాలిగది కొన్ని గుడ్లలో చోటు మారుతుంది. ప్రయాణంలో కుదుపులకు పొర విడిపోయి గాలి అటూ ఇటూ కదలడం వల్లా అలా జరుగుతుంది. అలాంటి గుడ్డు వయసును భంగిమ చెప్పలేదు, పగలగొట్టే చూడాలి.

## తక్కెడతో ఒక లెక్క

ఎన్నాళ్లయిందో గుర్తులేని మూడు గుడ్లు మన ముందున్నాయనుకుందాం. మొదటిది అడ్డంగా పడుకుంది. రెండోది సగానికి పైగా లేచి వాలుగా నిలిచింది. మూడోది తేలింది. భంగిమను బట్టి రెండోది ఎంత దూరం వచ్చిందో చెప్పడం కష్టం. వంటింటి డిజిటల్ తక్కెడ ఉంటే ఈ అస్పష్టత పోతుంది. గ్రాములో పదో వంతు చూపించేదైతే మంచిది.

ముందు పొడి గుడ్డును తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల గిన్నెను తక్కెడ మీద పెట్టండి. చిల్లుల గరిటెను చేత్తో పట్టుకుని, గిన్నెకు తగలకుండా నీళ్లలోకి దించి, ఆ స్థితిలోనే తక్కెడను సున్నాకు తెండి. గరిటె కాడ మీద నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు అదే గరిటెలో గుడ్డు పెట్టి, అంతే లోతుకు దించండి. గుడ్డు పూర్తిగా మునగాలి, గరిటె అడుగును గానీ గోడను గానీ తాకకూడదు. అప్పుడు తక్కెడ చూపించే అంకె గుడ్డు పక్కకు నెట్టిన నీళ్ల బరువు. గ్రాము నీళ్లు ఒక మిల్లీలీటరు కాబట్టి అదే గుడ్డు పరిమాణం కూడా. గుడ్డు బరువును గరిటె పట్టిన చేయి మోస్తుంది, నీళ్లు పైకి తోసే బలం మాత్రమే తక్కెడకు చేరుతుంది.

మొదటి గుడ్డు బరువు 61.0 గ్రాములు, నెట్టిన నీళ్లు 56.4 గ్రాములు వచ్చాయనుకోండి. 61.0ని 56.4తో భాగిస్తే 1.082. తాజా గుడ్డుకు ఆనుకుని ఉంది.

రెండోదాని బరువు 57.2, నెట్టిన నీళ్లు 54.6. సాంద్రత 1.048. ఈ గుడ్డు పరిమాణం మొదటి రోజూ 54.6 మిల్లీలీటర్లే. అప్పుడు సాంద్రత 1.085 అనుకుంటే బరువు 59.2 గ్రాములు ఉండేది. అంటే ఇప్పటికి 2 గ్రాముల నీరు ఆరిపోయింది. ఇంకా 2.6 గ్రాములు పోతే బరువు 54.6కు చేరుతుంది, అప్పుడు తేలుతుంది. ఇది సగం దారి కూడా దాటలేదు. నీళ్లలో వాలుగా లేచిన తీరు చూసి దీన్ని పారేసేవాళ్లుంటారు. పారేయక్కర్లేదు.

మూడోది తేలుతోంది కాబట్టి గరిటెలో ఆగదు. దాన్ని ముంచి తూచే శ్రమ అక్కర్లేదు, అది గీత దాటిందని తేలడమే చెప్పింది.

రెండో గుడ్డును మూడు రోజుల తర్వాత మళ్లీ తూచితే, మీరు దాచే చోట రోజుకు ఎంత ఆరుతోందో తెలుస్తుంది. మూడు రోజుల్లో 0.3 గ్రాములు తగ్గితే రోజుకు 0.1. ఆ లెక్కన మొదట తూచిన రోజు నుంచి 26 రోజులకు తేలుతుంది. అదే చోట ఎండ వేడి తగిలి మూడు రోజుల్లో 0.9 గ్రాములు తగ్గితే, అదే రోజు నుంచి తొమ్మిది రోజుల్లోపే తేలుతుంది. గుడ్డు అదే, కోడి అదే, దాచిన చోటు మారితే పరీక్ష చెప్పే వయసు మూడింతలు మారిపోయింది. అందుకే "వాలితే వారం, నిలబడితే మూడు వారాలు" లాంటి పట్టికలను నేను నమ్మను. భంగిమ ఎంత నీరు పోయిందో చెబుతుంది. ఎన్ని రోజులు గడిచాయో చెప్పాలంటే ఆ గుడ్డు ఎక్కడ, ఎలా ఉందో కూడా తెలియాలి.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అది దాచను. మొదటి సాంద్రత 1.085 అన్నది ఊహ. పెంకు మందంగా ఉంటే అది 1.095 దాకా ఉండొచ్చు, పలచగా ఉంటే 1.070కి దిగొచ్చు. ముసలి కోళ్ల గుడ్లకు తరచూ పెంకు పలచన. పలచని పెంకున్న 60 గ్రాముల గుడ్డు 4 గ్రాములు ఆరితే తేలుతుంది, మందపు పెంకుది 5 గ్రాములు దాటాలి. ఒకే రోజు పెట్టిన రెండు గుడ్లు ఒకే గూట్లో ఉండి కూడా ఒకటి తేలి ఒకటి మునగడానికి ఇది చాలు. ఇంటికి తెచ్చిన రోజే పెంకు మీద పెన్సిల్‌తో తేదీ, బరువు రాసుకుంటే ఆ రోజు నుంచి పోయిన నీటికి ఊహ అక్కర్లేదు. నేను అలాగే రాస్తాను. సిరా పెన్ను వాడను, పెంకుకు రంధ్రాలున్నాయి కదా.

## పరీక్ష మోసపోయే చోట్లు

గుడ్డు మునిగితే నీరు పెద్దగా ఆరలేదని మాత్రమే అర్థం. ఈ మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే నీరు ఆరకుండానే గుడ్డు పాతబడే దారులున్నాయి, చెడిపోయే దారులూ ఉన్నాయి.

పెంకుకు సన్నని నూనె పూత పూస్తే రంధ్రాలు మూసుకుంటాయి. సున్నపు నీళ్లలో నిల్వ చేసినా అంతే. అలాంటి గుడ్డు నెలలు గడిచినా బుద్ధిగా అడుగున పడుకుంటుంది. మూత బిగించిన డబ్బాలో, తేమ ఎక్కువున్న చోట దాచిన గుడ్డు కూడా చాలా నెమ్మదిగా ఆరుతుంది. దానికి వ్యతిరేకంగా, కడిగేసిన గుడ్డు తొందరగా ఆరుతుంది. గుడ్డు బయటికి వచ్చేటప్పుడు పెంకు మీద ఒక సహజమైన పలచని పొర ఉంటుంది, రంధ్రాలను కొంతవరకు అదే మూస్తుంది. కడగడంతో అది పోతుంది. చిన్న గుడ్లు, ముఖ్యంగా కౌజుపిట్ట గుడ్లు, ఉన్న బరువుకు పెంకు విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా ఆరతాయి.

అసలైన ప్రమాదం వేరే ఉంది. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవి గుడ్డులో ఉన్నా బరువు మారదు, వాసన రాదు, రంగు మారదు. కోడికే అది సోకి ఉంటే పెంకు ఏర్పడకముందే గుడ్డులోకి చేరగలదు. అంటే నిన్న పెట్టి, ఇవాళ రాయిలా మునిగిన గుడ్డులోనూ ఉండొచ్చు. దాన్ని పట్టుకునే శక్తి నీళ్ల పరీక్షకు ఏమాత్రం లేదు. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుతో నీరసించినవాళ్లకు వండేటప్పుడు "నీళ్లలో మునిగింది కదా" అని సగం ఉడికిన గుడ్డు పెట్టకండి. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి. గుడ్డు కలిపిన వంటకమైతే మధ్యలో వేడి 71 డిగ్రీలకు చేరాలి.

ఇంకో మోసం ఉంది. తడి తగిలిన గుడ్డులోకి, సన్నని పగులున్న గుడ్డులోకి సూక్ష్మజీవులు దూరి వేడిలో వేగంగా పెరిగితే, నీరు ఆరే లోపే లోపల కుళ్లు మొదలవుతుంది. అది మునిగే కుళ్లు గుడ్డు. అరుదే, కానీ ఒక్కసారి తగిలితే గిన్నెడు పిండి పారబోయాలి. అందుకే మునిగిన గుడ్డును కూడా నేరుగా వంటలోకి పగలగొట్టను. ముందు చిన్న కప్పులోకి పగలగొట్టి, చూసి, తర్వాతే కలుపుతాను.

ఈ కారణంగానే పరీక్ష వాడబోయే ముందే చేయాలి. తెచ్చిన గుడ్లన్నిటినీ ఒకేసారి నీళ్లలో ముంచి, మళ్లీ గూట్లో సర్దడం మంచి అలవాటు కాదు. తడిసిన పెంకు సూక్ష్మజీవులకు దారి. ముంచిన గుడ్డును వెంటనే తుడిచి ఆరబెట్టి, ఆ రోజే వాడేయాలి. ఆరే వేగం తెలుసుకోవడానికి మూడు రోజులు ఉంచి మళ్లీ తూచిన ఆ ఒక్క గుడ్డును కూడా బాగా తుడిచి ఫ్రిజ్‌లో విడిగా పెట్టి, రెండోసారి నీళ్లలో ముంచకుండా పొడిగానే తూచి, తర్వాత గట్టిగా ఉడికించి వాడాలి.

## పగలగొట్టి తేల్చడం

చదునైన తెల్లని పళ్లెంలోకి పగలగొడితే నీళ్లు చెప్పనిది కనిపిస్తుంది. తాజా గుడ్డులో పచ్చసొన గుండ్రంగా ఉబ్బి, చుట్టూ చిక్కని తెల్లసొన గట్టులా నిలుస్తుంది. తెల్లసొన కాస్త మబ్బుగా, పాలు కలిసినట్టు ఉంటే భయపడకండి. బొగ్గుపులుసు వాయువు ఇంకా బయటికి పోలేదు, గుడ్డు చాలా తాజాది. పచ్చసొనను పట్టి ఉండే తెల్లని దారాల్లాంటివి దళసరిగా కనిపించినా అదీ తాజాదనమే. చిన్న రక్తపు చుక్క వయసుకు గుర్తు కాదు, చెడుకూ గుర్తు కాదు.

పాత గుడ్డులో తెల్లసొన నీళ్లలా పారుతుంది, పచ్చసొన చదునుగా పరుచుకుని ముట్టుకుంటే చితుకుతుంది. ఇది రూపానికి లోటు, తినడానికి లోటు కాదు. పిండిలో కలపడానికి, గిలకొట్టి వేయడానికి సరిపోతుంది.

చెడ్డ గుడ్డుకు సందేహం ఉండదు. కుళ్లిన గంధకం వాసన ముక్కుకు తగలగానే తెలుస్తుంది. వాసన లేకపోయినా తెల్లసొన ఆకుపచ్చగా గానీ గులాబీ రంగులో గానీ మెరిస్తే, లోపల నల్లని మచ్చలో బూజో కనిపిస్తే పారేయండి. రుచి చూసి తేల్చుకునే ప్రయత్నం చేయకండి. అనుమానం మిగిలితే ఆ గుడ్డు వంటలోకి వెళ్లకూడదు.

ఇక తేలిన గుడ్డు. అది ఎన్నాళ్లదో, ఎక్కడ ఉందో మీకు తెలిసి, ఇంతవరకు ఫ్రిజ్‌లోనే ఉండి, నీటి అంచుకు తగిలీ తగలక తేలి, కప్పులోకి పగలగొడితే ఏ వాసనా రాకపోతే, గట్టిగా ఉడికించి వాడుకోవచ్చు. ఆ గుడ్డు ఎండింది, అంతే. చరిత్ర తెలియని గుడ్డు తేలితే మాత్రం నేను పగలగొట్టి కూడా చూడను. అంత నీరు పోవడానికి పట్టిన కాలంలో దానికి ఎంత వేడి తగిలిందో, ఎన్నిసార్లు తడిసిందో ఎవరికీ తెలియదు, ఒక గుడ్డు కోసం ఆ పందెం కాయడం నాకు ఇష్టం లేదు. బాగా పైకి తేలే గుడ్డును చెత్తబుట్టలోకి విసరకండి. లోపల వాయువు నిండి ఉంటే చిన్న దెబ్బకే పెంకు పగిలి వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి ముడివేసి బయటికి పంపేయండి. అది తేలిన నీళ్లు పారబోసి, గిన్నె, గరిటె, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తర్వాతి గుడ్డు తీయండి.